అమెరికా బ్యాంకు అడిగిన ప్రశ్నకు తెనాలి నుంచి జవాబు

అమెరికాలో ఇల్లు కొనుక్కుంటున్న కూతురికి అమ్మానాన్నలు ఇక్కడినుంచి డబ్బు పంపడం ఇప్పుడు మన ఊళ్లలో మామూలైపోయింది. పంపిన వారం పది రోజులకు అక్కడి బ్యాంకు నుంచి కూతురికి ఒక మెయిల్ వస్తుంది. మీ ఖాతాలో పెద్ద మొత్తం జమైంది, ఇది ఎవరు పంపారు, వాళ్లకు ఎలా వచ్చింది, తిరిగి ఇవ్వాల్సిన డబ్బా కాదా, రాతపూర్వకంగా చెప్పండి, ఆధారాలు జతచేయండి అని. కూతురు ఆ మెయిల్‌ని వాట్సాప్‌లో పెడుతుంది. తండ్రి చదివి చిన్నబుచ్చుకుంటాడు. "ముప్పై మూడేళ్లు పిల్లలకు చదువు చెప్పిన వాణ్ణమ్మా, నేనేమైనా దొంగ సొమ్ము పంపానా?" అంటాడు.

ఆ బాధ నిజమైనదే. కానీ ఆ మెయిల్ రాసిన మనిషికి ఎవరిమీదా అనుమానం ఉండనక్కర్లేదు. అతని ముందు ఒక ఫైలు ఉంటుంది. దాంట్లో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూరిస్తే తప్ప ఇంటి లోను ముందుకు కదలదు. రేపు ఆ ఫైలును ఇంకొకరు తనిఖీ చేస్తారు. తెనాలి ఎక్కడుందో, గజం అంటే ఎంతో వాళ్లకూ తెలియదు. మన ఉత్తరం, దానికి జతచేసిన కాగితాలు చూసి, ఎవరికీ ఫోన్ చేయకుండా, "సరే, అర్థమైంది" అనుకునేలా ఉండాలి. ఉత్తరం రాసేది ఆ రెండో మనిషి కోసమే. ఈ ఒక్క సంగతి తలలో పెట్టుకుంటే, ఉత్తరంలో ఏం రాయాలో, ఏం రాయకూడదో సగం దానంతటదే తేలిపోతుంది.

బ్యాంకు అడగడానికి కారణాలు రెండు. మొదటిది అందరికీ తెలిసిందే. అక్రమంగా సంపాదించిన డబ్బు తమ ద్వారా చలామణి కాకుండా చూడాల్సిన బాధ్యత చట్టం బ్యాంకులమీద పెట్టింది. ఈ పని మన దగ్గరా జరుగుతుంది. 5 లక్షల రూపాయలు దాటి దేశం సరిహద్దు దాటే ప్రతి చెల్లింపు వివరమూ మన బ్యాంకులు ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు పంపుతాయి. రెండో కారణం ఇంటి లోనుకు సంబంధించింది, దీని గురించి మనవాళ్లు ఎక్కువ ఆలోచించరు. అమ్మాయి చూపించిన డౌన్‌పేమెంట్ నిజానికి అప్పు తెచ్చిందైతే, నెలనెలా ఆ అప్పు కూడా కట్టాలి. అప్పుడు ఆమె జీతానికి ఇంత లోను ఇవ్వొచ్చా అన్న లెక్క మారిపోతుంది. అమెరికాలో ఇంటి లోన్లను బ్యాంకుల నుంచి కొనే పెద్ద సంస్థ ఫ్యానీ మే. దాని నిబంధన ప్రకారం, ఇల్లు కొనేటప్పుడు నెల ఆదాయంలో సగానికి మించి ఒకేసారి జమైన ఏ మొత్తమైనా "పెద్ద జమ" కిందికి వస్తుంది. ఆ డబ్బును డౌన్‌పేమెంటుకు వాడాలంటే అది ఎక్కడిదో చూపించాలి. కాబట్టి లక్ష డాలర్లకే కాదు, ఆరేడు వేల డాలర్లకు కూడా ప్రశ్న రావచ్చు.

అంటే ఉత్తరం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ డబ్బు పంపినవాళ్లకు ఎలా వచ్చింది? దీన్ని తిరిగి ఇవ్వాలా?

ఒక కుటుంబాన్ని ఊహించుకుని చివరిదాకా నడిపి చూద్దాం. తండ్రి తెనాలిలో రిటైరైన హెడ్‌మాస్టరు. తల్లి ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. కూతురూ అల్లుడూ టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటారు. వాళ్లకు 1,05,000 డాలర్లు కావాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరు 90 రూపాయలు అనుకుందాం. మొత్తం 94 లక్షల 50 వేలు. తండ్రి గుంటూరులో 2005లో 6 లక్షలకు కొన్న ఇంటి స్థలాన్ని 84 లక్షలకు అమ్మాడు. తల్లి రిటైర్మెంట్ డబ్బుతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ 35 లక్షలకు చేరి మెచ్యూర్ అయింది. ఆయన 72,000 డాలర్లు, ఆమె 33,000 డాలర్లు, ఎవరి ఖాతా నుంచి వాళ్లు పంపారు.

రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద దేశంలో ఉంటున్న ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. 2004లో ఈ స్కీమ్ మొదలైనప్పుడు ఆ పరిమితి 25,000 డాలర్లే. పిల్లలకు బహుమతిగా పంపడానికి విడిగా అనుమతి అవసరం లేదు. పాన్ ఉండాలి, ఏ2 అనే ఫారం నింపాలి, ఇది నా సొంత డబ్బేనని సంతకం పెట్టాలి. ఖాతా కొత్తదైతే ఇక్కడి బ్యాంకే ముందు ఏడాది స్టేట్‌మెంటో ఐటీ రిటర్నో అడుగుతుంది. అంటే డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న సముద్రం దాటకముందే ఒకసారి వస్తుంది. ఇక్కడి మేనేజరుకు చెప్పిన జవాబూ అక్కడి బ్యాంకుకు రాసిన జవాబూ ఒక్కటే అయి ఉండాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఏ2 ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నామో ఒక కోడ్ రూపంలో రాయాలి. బహుమతికి S1302. కుటుంబ పోషణకు S1301. కౌంటర్లో ఉన్నతను "పిల్లలకే కదా సార్" అని రెండోది టిక్ పెట్టేస్తే, అక్కడ చేరిన మెసేజ్‌లో కుటుంబ పోషణ అని ఉంటుంది, మన ఉత్తరంలో బహుమతి అని ఉంటుంది. టెక్సస్‌లో జీతం తీసుకుంటున్న దంపతులకు తెనాలి పెన్షనరు పోషణ ఖర్చు ఎందుకు పంపుతున్నాడని అక్కడివాళ్లు మళ్లీ అడుగుతారు. సంతకం పెట్టేముందు ఆ గడి ఒక్కసారి చూసుకోవాలి.

ఇప్పుడు స్థలం డబ్బు సంగతికి వద్దాం. మన ప్రాంతంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

స్థలం బేరం కుదిరినప్పుడు కొనేవాడు దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న, "పేపర్ మీద ఎంత, బయట ఎంత?" అని. ప్రభుత్వ మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ చేయించుకుని, మిగతాది నోట్ల రూపంలో ఇచ్చేస్తే అతనికి స్టాంపు డ్యూటీ కలిసొస్తుంది, అమ్మేవాడికి ట్యాక్సు తగ్గుతుంది అని మధ్యవర్తి చెబుతాడు. మన హెడ్‌మాస్టరు గారి స్థలాన్ని 50 లక్షలకు రాసి, 34 లక్షలు సంచిలో ఇచ్చారనుకోండి. ఆ 34 లక్షలు డాలర్లుగా మారే దారి లేదు. బ్యాంకులో వేస్తే, ఏడాదిలో 10 లక్షలు దాటిన నగదు డిపాజిట్ వివరం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. స్థలం అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదుగా తీసుకోవడమే చట్టవిరుద్ధం, తీసుకున్నంత మొత్తం జరిమానాగా కట్టమనవచ్చు. ఇక ఉత్తరంలో "స్థలం అమ్మగా వచ్చిన 84 లక్షలు" అని రాసి, 50 లక్షల దస్తావేజు జతచేస్తే, చదివేవాడికి మొదట కనిపించేది ఆ తేడాయే.

అందుకే ఉత్తరం రాయడం అనేది నిజానికి బయానా తీసుకున్న రోజే మొదలవుతుంది. పిల్లలకు పంపే ఉద్దేశం ఉంటే, మధ్యవర్తితో మొదటి మాటగానే "మొత్తం వైట్‌లోనే కావాలి" అని చెప్పాలి. ధర రెండు మూడు లక్షలు తగ్గినా సరే, నా అభిప్రాయంలో ఆ తగ్గింపు ఒప్పుకోవాల్సిందే. ఏ ఉత్తరమూ లేని కాగితాన్ని పుట్టించలేదు. దస్తావేజులో లేని రూపాయికి ఎంత మంచి ఇంగ్లిషు రాసినా జవాబు దొరకదు.

మన హెడ్‌మాస్టరు గారు అలాగే చేశారు. 14 నవంబరు 2025న బయానాగా 5 లక్షలు. 12 డిసెంబరు 2025న రిజిస్ట్రేషన్ రోజు మిగతా 79 లక్షలు. స్థలం విలువ 50 లక్షలు, అంతకు మించితే కొన్నవాడు 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. కాబట్టి ఆయన ఖాతాలో పడింది 4,95,000, తర్వాత 78,21,000. కలిపితే 83,16,000. దస్తావేజులో 84,00,000 ఉంది, పాస్‌బుక్కులో 84,000 తక్కువ ఉంది. ఈ తేడా మనకు విషయం తెలుసు కాబట్టి కంటికి ఆనదు. ఉత్తరం చదివేవాడికి మాత్రం అదొక్కటే కనబడుతుంది. ఒక్క వాక్యంలో కారణం చెప్పి, టీడీఎస్ సర్టిఫికెట్ జతచేస్తే ఆ ముడి విడిపోతుంది.

డబ్బు ఖాతాలో పడ్డాక దాన్ని కదిలించకుండా ఉంచడం కూడా ముఖ్యమే. మన ఇళ్లలో డబ్బు ఊరికే ఉండదు. నాలుగు రోజులు వడ్డీ వస్తుందని తమ్ముడి ఖాతాలో వేస్తాం, చిట్టీ పాట వచ్చిందని అందులో కడతాం, మళ్లీ తెస్తాం. ఇలా చేతులు మారిన ప్రతిసారీ ఇంకొక ఖాతా స్టేట్‌మెంటు, ఇంకొక మనిషి వివరణ కావాల్సి వస్తుంది. స్థలం డబ్బు ఒక ఖాతాలో పడి, అక్కడే ఉండి, అక్కడినుంచే డాలర్లుగా వెళ్తే స్టేట్‌మెంటులో రెండు మూడు గీతల్లో కథ మొత్తం కనిపిస్తుంది. బాబాయి కూడా కొంత ఇస్తానంటే, ఆ డబ్బును నాన్న ఖాతాలో వేయించుకోవద్దు. బాబాయే తన ఖాతా నుంచి నేరుగా పంపి, తన ఉత్తరం తాను రాసుకోవడం మేలు.

తల్లి డబ్బుది వేరే రకం ఇబ్బంది. అది పూర్తిగా తెల్లడబ్బు, ప్రభుత్వం ఇచ్చిన డబ్బే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, లీవు ఎన్‌క్యాష్‌మెంట్ కలిపి వచ్చాయి. అయితే అవి వచ్చి ఏళ్లు గడిచాయి. డిపాజిట్ రెన్యువల్ అయినప్పుడు కొన్ని బ్యాంకుల్లో రసీదు నంబరు కూడా మారిపోతుంది. మొదటి రసీదు మీద ఒక నంబరు, మెచ్యూరిటీ కాగితం మీద ఇంకొక నంబరు ఉంటే ఈ రెండూ ఒకటే అని ఎవరు చెప్పాలి? బ్రాంచి చెప్పాలి. ఫలానా తేదీన మొదలైన డిపాజిట్టే ఇన్నిసార్లు రెన్యువలై ఫలానా తేదీన ఈ మొత్తంతో ముగిసిందని బ్రాంచి లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి ముద్ర వేయమని అడగాలి. దాంతోపాటు రిటైర్మెంట్ ప్రయోజనాల మంజూరు ఉత్తర్వు కాపీ. పాత పాస్‌బుక్కు బీరువాలో ఉంటే, ఆ డబ్బు మొదట జమైన పేజీ. ఈ మూడూ ఉంటే ఆవిడ ఉత్తరం అరపేజీతో అయిపోతుంది.

వ్యవసాయం డబ్బు పంపేవాళ్లకు ఇంతకన్నా కష్టం. మిర్చి అమ్మిన డబ్బు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోగుపడుతుంది. "వ్యవసాయ ఆదాయం" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. పట్టాదారు పాస్ పుస్తకం భూమి ఉందని చెబుతుంది కానీ పంట అమ్మారని చెప్పదు. యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు, ఆ మొత్తాలు ఖాతాలో పడ్డ తేదీలు కలిపి చూపించగలిగినంత వరకే ఉత్తరంలో రాయాలి.

ఇక ఉత్తరం. ఇద్దరు పంపితే రెండు ఉత్తరాలు ఉండాలి. ఒకే కాగితం మీద ఇద్దరి డబ్బూ కలిపి రాస్తే ఏ మొత్తం ఎవరిదో వెతుక్కోవాల్సి వస్తుంది. అక్కడి బ్యాంకుకు ఇంగ్లిషులోనే ఇవ్వాలి. తండ్రి రాసే ఉత్తరం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"20 జనవరి 2026. నేను, పాస్‌పోర్టులో ఉన్న నా పూర్తి పేరు ఇది, మీ ఖాతాదారుకు తండ్రిని. నా చిరునామా, ఫోను నంబరు కింద ఇచ్చాను. 8 జనవరి 2026న నా బ్యాంకు ఖాతా నుంచి ఆమె ఖాతాకు 72,000 అమెరికన్ డాలర్లు పంపాను. ఇందుకు నా ఖాతాలో 64,80,000 రూపాయలు, అంటే 6.48 మిలియన్ రూపాయలు ఖర్చు రాశారు. భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం దీనిమీద బ్యాంకు వసూలు చేసిన పన్ను 10,96,000 రూపాయలు అదనం.

ఈ డబ్బు గుంటూరు నగరంలో నా పేరున ఉన్న ఇంటి స్థలం అమ్మగా వచ్చింది. ఆ స్థలాన్ని 2005లో నా జీతం పొదుపుతో కొన్నాను. దాన్ని 12 డిసెంబరు 2025న 84,00,000 రూపాయలకు అమ్మాను. కొనుగోలుదారు చట్టప్రకారం 1 శాతం పన్ను, 84,000 రూపాయలు మినహాయించి, మిగిలిన 83,16,000 రూపాయలు 14 నవంబరు, 12 డిసెంబరు తేదీల్లో రెండు విడతలుగా బ్యాంకు ద్వారా చెల్లించారు.

ఈ మొత్తం మా అమ్మాయి ఇల్లు కొనుక్కోవడానికి నేను ఇచ్చిన బహుమతి. దీన్ని తిరిగి చెల్లించాల్సిన అవసరం లేదు, చెల్లిస్తారని నేను ఆశించడం లేదు. ఆ ఇంట్లో నాకు ఎలాంటి వాటా లేదు. జతచేసినవి: 2005 కొనుగోలు దస్తావేజు, 2025 అమ్మకం దస్తావేజు, వాటి ఇంగ్లిషు అనువాదాలు, టీడీఎస్ సర్టిఫికెట్, నవంబరు నుంచి జనవరి వరకు నా ఖాతా స్టేట్‌మెంటు, స్విఫ్ట్ కాపీ, పాస్‌పోర్టు కాపీ."

ఇంతే. మూడు పేరాలు. ఉద్యోగ జీవితంలో వచ్చిన పేరు, కూతురి చదువు కోసం పడ్డ కష్టం, ఏమీ అవసరం లేదు. రాసిన ప్రతి అంకెకూ జతచేసినవాటిలో ఒక కాగితం ఉంది. పెన్సిల్ పట్టుకుని ఉత్తరంలో ఒక్కో అంకె కింద గీత గీస్తూ, ఇది ఏ కాగితంలో ఉందో పక్కన రాసుకుంటూ పోండి. ఏదైనా అంకె పక్కన ఏమీ రాయలేకపోతే, కాగితమైనా తేవాలి, ఆ వాక్యమైనా తీసేయాలి.

"తిరిగి చెల్లించాల్సిన అవసరం లేదు" అనే వాక్యం గురించి ఒక మాట. చాలా ఇళ్లలో లోపలి ఒప్పందం వేరుగా ఉంటుంది. "రెండేళ్లలో తమ్ముడి పెళ్లికి తిరిగి పంపెయ్యాలి" అని ముందే అనుకుంటారు. అలాంటప్పుడు ఈ వాక్యం మీద సంతకం పెట్టకండి. లోను కోసం బ్యాంకుకు తెలిసి తెలిసి అబద్ధం రాసివ్వడం అమెరికాలో ఫెడరల్ నేరం. దాని భారం ఇక్కడి తండ్రికన్నా అక్కడి కూతురిమీద పడుతుంది. అప్పైతే అప్పనే చెప్పాలి, బ్యాంకు దాన్ని అప్పుగానే లెక్కేసుకుంటుంది.

ఇప్పుడు ఉత్తరంలో కనిపించని చిన్న చిన్న రాళ్ల సంగతి. అన్నిటికన్నా పెద్దది పేరు. పాత దస్తావేజులో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది. పాన్ మీద అసలు పేరు ముందు, ఇంటిపేరు చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరు మొదటి గడిలో, మిగతాది రెండో గడిలో. బ్యాంకు ఖాతాలో 'వెంకట' అనే ముక్క ఎగిరిపోయి ఉంటుంది. మనకు ఈ నలుగురూ ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. టెక్సస్‌లో ఫైలు చూసేవాడికి నలుగురు మనుషులు కనిపిస్తారు. స్థలం అమ్మినవాడు ఒకడు, డబ్బు పంపినవాడు ఇంకొకడు అనుకుంటే ఆగిపోతుంది. ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, ఏ కాగితంలో ఏ రూపంలో ఉందో అందులో స్పష్టంగా చూపించి జతచేయాలి. ఖర్చు కొద్దిపాటిది, చాలాసార్లు ఫైలు కదిలేది దీనివల్లే.

తర్వాత అంకెలు. 64,80,000 అని మనం పెట్టే కామాలు అక్కడివాళ్లకు కొత్త. వాళ్లు మూడేసి అంకెలకు కామా పెడతారు. అందుకే రూపాయల మొత్తాన్ని మిలియన్లలో కూడా ఒకసారి రాయడం మంచిది. తేదీ ఇంకా ప్రమాదం. 08/01/2026 అని రాస్తే మనకు జనవరి 8. అమెరికా వాళ్లకు ఆగస్టు 1. జనవరిలో చదువుతున్నవాడికి ఇంకా రాని తేదీన డబ్బు పంపినట్టు కనిపిస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ గొడవ ఉండదు.

దస్తావేజు తెలుగులో ఉంటే అనువాదం తప్పనిసరి. రిజిస్టర్డ్ ట్రాన్స్‌లేటర్‌తో చేయించి, అనువాదకుడి సంతకం, ముద్ర ఉండేలా చూసుకోవాలి. ఇంగ్లిషు బాగా వచ్చిన మనవడు చేసిన అనువాదాన్ని బ్యాంకు అంగీకరించకపోవచ్చు. అనువాదంలో కొలత, హద్దులకన్నా అమ్మినవారి పేరు, మొత్తం, తేదీ, చెల్లింపు ఎలా జరిగిందన్న పేరా సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. బ్యాంకు చదివేవి అవే.

తల్లి పంపిన డబ్బులో ఒక చిన్న తేడా వచ్చింది. 33,000 పంపితే 32,975 చేరింది. మధ్యలో ఉండే కరెస్పాండెంట్ బ్యాంకు 25 డాలర్లు పట్టుకుంది. పంపేటప్పుడు ఛార్జీలన్నీ నేనే భరిస్తానని ఫారంలో ఎంచుకుంటే సాధారణంగా పూర్తి మొత్తం చేరుతుంది. ఆవిడ చూసుకోలేదు. ఇలా జరిగితే ఉత్తరంలో "33,000 పంపాను, మధ్యవర్తి బ్యాంకు ఛార్జీ 25 డాలర్లు పోగా 32,975 జమైంది" అని రాసేస్తే చాలు. ఆ 25 డాలర్లను వదిలేసి 33,000 అని రాస్తేనే మళ్లీ మెయిల్ వస్తుంది. ఆన్‌లైన్ రెమిటెన్స్ కంపెనీల ద్వారా పంపినప్పుడు ఇంకొక చిక్కు ఉంది. కొన్నిసార్లు అక్కడి స్టేట్‌మెంటులో నాన్న పేరు బదులు ఆ కంపెనీ పేరు పడుతుంది. ఇంటి లోను కోసమైతే బ్యాంకు నుంచి బ్యాంకుకు, స్విఫ్ట్ ద్వారా పంపడం మేలు. స్విఫ్ట్ కాపీలో పంపినవారి పేరు, ఖాతా, అందుకున్నవారి పేరు, ఖాతా అన్నీ ఉంటాయి.

ఉత్తరంలో పన్ను అని ఒక్క ముక్కలో రాసినదాన్ని కొంచెం విప్పి చెప్పాలి. ఎందుకంటే చాలా కుటుంబాలకు డబ్బు చాలకుండా పోయేది అక్కడే. విదేశాలకు బహుమతిగా పంపినప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 7 లక్షలే. తండ్రి పంపిన 64,80,000లో 10 లక్షలు పోగా 54,80,000 మీద 10,96,000. తల్లికి 29,70,000లో 19,70,000 మీద 3,94,000. ఈ డబ్బు ఖాతాలో అదనంగా ఉండాలి, లేకపోతే పంపడం కుదరదు. అయితే ఇది పోయే డబ్బు కాదు, ముందుగా కట్టిన ఆదాయపు పన్ను. స్థలం అమ్మినందుకు తండ్రి లాభం 78 లక్షలు. దానిమీద 12.5 శాతం పన్ను, సర్‌చార్జీ, సెస్సు కలిపి సుమారు 11,15,000. ఆయన పేర ఇప్పటికే టీసీఎస్ 10,96,000, టీడీఎస్ 84,000 ప్రభుత్వానికి చేరింది. స్థలం అమ్మడం, డబ్బు పంపడం ఒకే ఆర్థిక సంవత్సరంలో జరిగాయి కాబట్టి, రిటర్న్ వేసేటప్పుడు ఆ పన్ను దీంట్లోనే సర్దుబాటు అవుతుంది. డిసెంబరులో అమ్మి, ఏప్రిల్ దాటాక పంపి ఉంటే, టీసీఎస్ తర్వాతి ఏడాది ఖాతాలోకి వెళ్లేది, స్థలం పన్నుకు మళ్లీ జేబులోంచి తీయాల్సి వచ్చేది. తల్లికి పెన్షన్ మీద పన్ను తక్కువ కాబట్టి ఆవిడ 3,94,000లో చాలా భాగం రిఫండ్‌గా వస్తుంది, కానీ రిటర్న్ వేసి, అది ప్రాసెస్ అయ్యేదాకా ఆగాలి.

కూతురి వైపు ఇంకొక పని మిగిలి ఉంది, దాన్ని బ్యాంకు గుర్తుచేయదు. బహుమతిగా వచ్చిన డబ్బుమీద ఆమెకు అక్కడ ఆదాయపు పన్ను లేదు. కానీ విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతి అందితే ఫారం 3520 మీద అమెరికా పన్నుల శాఖకు తెలియజేయాలి. నాన్న ఇచ్చింది 72,000, అమ్మ ఇచ్చింది 33,000, ఏదీ లక్ష దాటలేదు కదా అనుకోవడానికి లేదు. ఒకరికొకరు బంధువులైన దాతల మొత్తాలను కలిపి చూడాలి. కలిపితే 1,05,000. డబ్బు 2026 జనవరిలో అందింది కాబట్టి 2027 ఏప్రిల్ 15లోగా, తన రిటర్న్‌తో కలపకుండా విడిగా పంపాలి. తగిన కారణం లేకుండా ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున, 25 శాతం దాకా జరిమానా వేయవచ్చు. లోను మంజూరై, ఇంటి తాళాలు చేతికొచ్చాక ఏడాదికి పైగా గడిచి వచ్చే తేదీ ఇది. ఉత్తరాలూ జతచేసిన కాగితాలూ అన్నీ స్కాన్ చేసి కూతురి దగ్గర ఒక సెట్టు, తెనాలిలో ఒక సెట్టు ఉంచుకుంటే ఆ ఫారం నింపడానికీ, ఇక్కడ జూలైలో వేసే రిటర్న్‌కీ మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు.